పాసైన సంవత్సరం తీసేయాలా, ఉంచాలా? యాభై నాలుగేళ్ల అకౌంటెంటు మూడు రెజ్యూమేలు

చీమకుర్తి గ్రానైట్ యూనిట్లో 1997లో చేరాను. 2025 మార్చిలో అది మూతపడింది. ఇరవై ఎనిమిదేళ్లు ఒకే కుర్చీ. ఇప్పుడు నాకు యాభై నాలుగు. ఒంగోలులో, నెల్లూరులో ఉద్యోగం వెతుక్కుంటూ మూడు రకాల రెజ్యూమేలు పంపాను. ఏది పనిచేసిందో, ఎందుకో చెబుతాను.

మొదటిది మా అబ్బాయి చేసిచ్చాడు. పుట్టిన తేదీ లేదు, బీకాం పాసైన సంవత్సరం లేదు. అనుభవం అన్నచోట 'పదేళ్లకు పైగా' అని రాశాడు. ఫొటో పెట్టాలని జుట్టుకు రంగు కూడా వేయించాడు. ఆ రంగు నెలకే దిగిపోయింది, అది వేరే సంగతి. దాన్ని పద్నాలుగు చోట్లకు పంపితే ఐదు ఫోన్లొచ్చాయి. బాగానే ఉందనుకున్నాను. కానీ ఐదింట్లోనూ రెండో ప్రశ్న ఒకటే: "సార్, డిగ్రీ ఏ ఇయర్ పాసవుట్?" 1992 అనగానే అవతల కాసేపు చప్పుడుండదు. తర్వాత "సరే సార్, చెప్తాం."

వయసు ఒక్కటే అడ్డయి ఉంటే ముందే ఫోన్ చేసేవాళ్లు కాదు. దాచాడన్న అనుమానం దానికి తోడైంది. పైగా ఎన్నాళ్లు దాచగలం? చేరిన రోజున ఆధార్, పీఎఫ్ యూఏఎన్ ఇవ్వాల్సిందే, రెండింట్లోనూ పుట్టిన తేదీ ఉంటుంది. లెక్కలు చూసుకునే మనిషి మీద మొదటి రోజే అనుమానం వస్తే ఇక ఆ ఉద్యోగం ఏం నిలుస్తుంది?

రెండోది నేనే రాశాను. కోపంతో రాశానేమో, నాలుగు పేజీలయింది. 1997 నుంచి వరసగా, చేత్తో రాసిన డేబుక్కు దగ్గర మొదలుపెట్టి అంతా పెట్టాను. పదకొండు చోట్లకు పంపితే ఒక్క ఫోనొచ్చింది. ఒంగోలులోనే ఇంటర్వ్యూ. అక్కడ నోరుజారి "మా రోజుల్లో చెక్‌పోస్టులో వేబిల్లు కోసం రాత్రంతా లారీ ఆగేది" అన్నాను. ఎదురుగా ఉన్న అమ్మాయి నవ్వింది, మర్యాదగానే. నేను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. కానీ ఆమెకు కావాల్సింది పాతదాని కథ కాదు, వచ్చే నెల రిటర్ను. నాలుగు పేజీల్లో ఆ సంగతి ఆఖరి పేజీ అడుగున ఉంది.

నిజాయితీకి రెండోది మేలు, ఫోన్లు రావడానికి మొదటిది మేలు. ఉద్యోగానికి మాత్రం రెండూ పనికిరాలేదు.

ఈ మధ్యలో జూన్ నుంచి కర్నూలు రోడ్డులో ఒక టాక్స్ కన్సల్టెంటు దగ్గర కూర్చున్నాను. జీతం బస్సు ఖర్చుకు కాస్త ఎక్కువ, అంతే. కానీ మూడో రెజ్యూమేకి సరుకంతా అక్కడే దొరికింది. సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు గ్రానైట్ బ్లాకు 12 నుంచి 5 శాతానికి వచ్చింది. ఆ కన్సల్టెంటుకు ఉన్న గ్రానైట్ పార్టీలకు టాలీలో ఐటెం మాస్టర్లు మార్చడం, 22కి ముందు పంపిన సరుకు బిల్లులు విడదీయడం నేనే చూశాను. పది కోట్లు, ఆ పైన టర్నోవర్ ఉన్నవాళ్లు ఈ-ఇన్వాయిస్‌ను బిల్లు తేదీ నుంచి ముప్పై రోజుల్లోపే పోర్టల్లో ఎక్కించాలన్న నిబంధన 2025 ఏప్రిల్ నుంచి వచ్చింది. మా యూనిట్ మూతపడ్డాకే కదా ఇది. అంటే ఉద్యోగం లేని నెలల్లో నేర్చుకున్నదే.

ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్ కూడా ఒకటి తీసుకున్నాను. రెజ్యూమేలో ఒక లైను ఇచ్చాను. దాన్నెవరూ అడగలేదు. అడిగింది నేను చేసిన ఒక ఎక్సెల్ షీటు గురించి.

కొనుగోళ్ల రిజిస్టరును, సప్లయర్లు వేసిన రిటర్నుల నుంచి ప్రతి నెలా 14న పోర్టల్లో వచ్చే జీఎస్టీఆర్-2బి పట్టీతో సరిచూడాలి. అందులో కనపడని బిల్లు మీద ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోకూడదు. బిల్లు నంబరు ఒక్కదాంతో సరిచూస్తే తప్పు వస్తుంది, ఇద్దరు సప్లయర్లకూ 45వ నంబరు బిల్లు ఉండొచ్చు కదా. అందుకే జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు కలిపి వెతకాలి:

```
=XLOOKUP(A2&B2,'2B'!A$2:A$500&'2B'!B$2:B$500,'2B'!E$2:E$500,"లేదు")
```

ఇది రాయడం పిల్లలకూ వచ్చు. 'లేదు' అని వచ్చిన తర్వాత ఏం చేయాలన్నదే అసలు పని. మనవాళ్లు 045 అని ఎక్కిస్తే సప్లయర్ 45 అని పెట్టి ఉంటాడు. నంబరు మధ్యలో ఒకరు స్లాష్ పెడతారు, ఒకరు హైఫన్ పెడతారు. నిజంగా రిటర్ను వేయనివాడెవడో, రాతలో తేడా ఎవరిదో చూడగానే తెలియడానికి ఏళ్లు పడుతుంది. కంపెనీ పేర్లు, నంబర్లు మార్చి ఆ షీటు ఒక పేజీ ప్రింటు తీసుకుని వెంట పెట్టుకున్నాను.

మూడో రెజ్యూమే రెండు పేజీలు. పైన '2025లో చేసిన పని' అని ఐదు లైన్లు. దాని కింద ఇరవై ఎనిమిదేళ్లూ ఒకే ముక్కలో పెట్టాను, ఏళ్లతో సహా: 'ఏపీజీఎస్టీ అనే పాత అమ్మకపు పన్ను నుంచి వ్యాట్‌కు 2005లో, వ్యాట్ నుంచి జీఎస్టీకి 2017లో, ఈ-ఇన్వాయిస్‌కు 2023 ఆగస్టులో. మూడుసార్లూ పుస్తకాలు మార్చింది నేనే.' పాతికేళ్ల కుర్రాడు ఈ ముక్క రాయలేడు. ఏళ్లు తీసేస్తే నేనూ రాయలేను. కొత్తది పట్టుకోగలనని చెప్పడానికి నా దగ్గరున్న సాక్ష్యం ఆ ఏళ్లే. మొదటి రెజ్యూమేలో దాన్నే చెరిపేశాం.

తొమ్మిది చోట్లకు పంపితే మూడు ఫోన్లు. ఎవరూ పాసవుట్ అడగలేదు, కాగితం మీదే ఉంది కాబట్టి.

నెల్లూరులో రొయ్యల ఎగుమతి కంపెనీ ఇంటర్వ్యూకి పినాకిని రైల్లో వెళ్లాను. ఓనరు గారి అబ్బాయికి ముప్పై ఉంటాయేమో. "అంకుల్, మీరు గ్రానైట్ కదా, మాది రొయ్య. పైగా మా ఆఫీసులో అందరూ చిన్నవాళ్లు" అన్నాడు. వయసు మాట అలా మెల్లగా వస్తుంది.

"కంటైనర్లో రాయి ఉన్నా రొయ్య ఉన్నా, టాక్స్ కట్టకుండా పంపాలంటే ఎల్‌యూటీ అనే హామీపత్రం ఏటా కొత్తగా వేయాల్సిందే బాబూ. షిప్పింగ్ బిల్లు కూడా రాయికైనా రొయ్యకైనా వేయాల్సిందే. రొయ్యల మేత, ఐసు లెక్క నాకు కొత్త. నెల రోజులివ్వండి" అన్నాను. ప్రింటు ముందు పెట్టాను. అతను దాన్ని పక్కకు జరిపి, తన లాప్‌టాప్‌లో వాళ్ల పోయిన నెల 2బి తెరిచి, తెర నా వైపు తిప్పాడు.

అన్నిచోట్లా ఇది నడవదు. ప్రకటనలోనే '35 లోపు' అని రాసినచోట మూడో రెజ్యూమే కూడా చెత్తబుట్టకే. అలాంటివాటికి పంపడం మానేశాను. ప్రైవేటు కంపెనీ వయసు చూసి వద్దంటే అడగడానికి మనకంటూ ప్రత్యేక చట్టం లేదు.

ఆ రొయ్యల కంపెనీలోనే చేరాను. జీతం పాతదానికి నాలుగు వేలు తక్కువ. చేరిన రోజు ఫారం నింపుతుంటే పక్క సీటు కుర్రాడు నా పుట్టిన సంవత్సరం చూసి "మా నాన్న కూడా అదే ఇయర్ సార్" అన్నాడు. మధ్యాహ్నానికి తన 2బి షీటు పట్టుకొచ్చాడు. అందులో పదిహేడు 'లేదు'లు, వాటిలో పన్నెండు 045, 45 లాంటి సున్నా గొడవే.