“విషాలు పోతున్నాయి, డోసు పెంచండి” అన్న ఆ కలబంద జ్యూస్ వాళ్లతో జాగ్రత్త

సెలైన్ సూది తీసిన చోట ప్లాస్టర్ ఇంకా ఊడలేదు. కోపం కూడా చల్లారలేదు, కాబట్టి రాత అటూ ఇటూ అయితే సర్దుకోండి. నేను చెప్పేది ఆ ఆకుపచ్చ సీసా వాళ్ల గురించే. పేరు రాయను, అందరికీ వాళ్ల ప్రకటనలు కనిపిస్తూనే ఉంటాయి కదా.

మలబద్ధకం ఉంది, కొన్నాను. రాత్రి పడుకునే ముందు నాలుగు మూతలు తాగమన్నారు, తాగాను. చేదు అంటే మామూలు చేదు కాదు, నాలుక మీద అరగంట సేపు పోలేదు. “మంచి మందు చేదుగానే ఉంటుంది” అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎంత తెలివి! ఆ చేదే నన్ను హెచ్చరించింది, నేనే వినలేదు.

తెల్లవారుజామున అయిదింటికి పేగులు మెలిపెట్టినట్టు నొప్పితో మెలకువ వచ్చింది. మధ్యాహ్నానికి ఎనిమిది సార్లు వెళ్లాను. అప్పుడు వాళ్ల కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. చూడండి, నాకు ఒళ్లు మండిపోయేది ఇక్కడే. అవతల మనిషి నవ్వాడు! “శుభం సార్, ఒంట్లో విషాలు బయటికి పోతున్నాయి. జ్యూస్ పనిచేస్తోందని గుర్తు. ఇంకో రెండు మూతలు పెంచండి, త్వరగా శుభ్రమైపోతుంది” అన్నాడు. నేను బీపీకి నీళ్ల మాత్ర, అంటే మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్ర, వాడుతున్నానని కూడా చెప్పాను. “ఇది ఆకు సార్, కెమికల్ కాదు, దేనితోనైనా వాడొచ్చు” అన్నాడు. ఏ మందులు వాడుతున్నానో చెప్పాక కూడా ఇదీ జవాబు. నేనేమో బుద్ధిగా ఆరు మూతలు తాగాను.

మూడో రోజు సాయంత్రానికి పిక్కలు పట్టేశాయి, మెట్లెక్కలేకపోయాను, గుండె మధ్యమధ్యలో ఒక దెబ్బ తప్పినట్టు కొట్టుకుంది. ఆసుపత్రిలో రక్తపరీక్ష చేస్తే పొటాషియం 2.9. కనీసం 3.5 ఉండాలట. నీళ్ల మాత్రతో మూత్రంలో కొంత పొటాషియం పోతూనే ఉంటుంది, దానికి ఈ విరేచనాలు తోడయ్యాయి. గుండె లయ తప్పేది అందుకే. డిగాక్సిన్ లాంటి గుండె మందు వాడేవాళ్లకైతే ఇది ఇంకా ప్రమాదమని డాక్టరు చెప్పారు.

అసలు సంగతి ఆయనే విడమరిచారు. కలబంద ఆకులో రెండు వేరు వేరు పదార్థాలు ఉంటాయి. లోపలి తెల్లటి గుజ్జు ఒకటి. పై తొక్కకు ఆనుకుని కారే పసుపు రసం ఇంకొకటి. ఈ పసుపు రసాన్ని ఎండబెడితేనే మూసాంబరం, విరేచనం అయ్యేందుకు ఇచ్చే పాతకాలపు మందు. అందులోని అలోయిన్ పెద్ద పేగుకు చేరాక అక్కడి సూక్ష్మజీవుల వల్ల మారి, పేగును గట్టిగా కదిలిస్తుంది, నీరు ఒంట్లోకి ఇంకకుండా ఆపుతుంది. అందుకే రాత్రి తాగితే తెల్లారేసరికి పట్టుకుంటుంది. విషమూ లేదు, శుభ్రమూ లేదు. అమెరికాలో 2002లోనే ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మే విరేచన మందుల్లోంచి దీన్ని తీయించేశారట.

ఇంటికొచ్చి సీసా తిప్పి చూశాను. చిన్న అక్షరాల్లో “ఆకు మొత్తంతో తయారీ” అని ఉంది. అంటే తొక్కా, పసుపు రసమూ కలిపే రుబ్బారు. ఆకు మొత్తం వాడినా బొగ్గుతో వడకట్టి అలోయిన్ తీసేయవచ్చు. తాగే కలబందలో అది పది లక్షల భాగాలకు 10 భాగాలకు మించకూడదని ఆ పరిశ్రమ వాళ్లే పెట్టుకున్న ప్రమాణం. ఈ సీసా మీద వడకట్టిన మాటా లేదు, అలోయిన్ అంకే లేదు. కొనే ముందు ఆ రెండూ చూసుకోండి.

ఇంట్లో మొక్క ఉంది కదా అని చేసుకునేవాళ్లకు ఒక మాట. ముందు అది తినదగిన కలబందేనో కాదో తెలుసుకోండి, అలంకారానికి పెంచే రకాలన్నీ తినేవి కావు. ఆకు కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా కనీసం పావుగంట నిలబెట్టండి, పసుపు రసం కారిపోతుంది. తర్వాత కడిగి, ముళ్ల అంచులు, మొదలు, కొన తీసేసి, తొక్కను కాస్త మందంగానే చెక్కండి. పొదుపుగా పలచగా చెక్కితే పసుపు గుజ్జుకే అంటుకుని ఉంటుంది. గుజ్జును రెండు మూడు నీళ్లలో కడిగి, చిన్న ముక్క నాలుక మీద పెట్టుకోండి. చేదు తగిలితే పారేయండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఇంత శుభ్రం చేసినా డాక్టరును అడగకుండా తాగొద్దు. షుగరు మందులు వాడేవాళ్లూ అంతే, చక్కెర మరీ పడిపోవచ్చు.

డబ్బు వెనక్కి అడిగాను. “సీలు తీశారు కదా సార్” అన్నారు. ఆ నవ్విన మనిషి గొంతే.