చింతపండా, నిమ్మకాయా? ఇత్తడి, రాగి పూజ సామాను తోమడానికి ఏది మేలు

పండగ ముందు ఈ ప్రశ్న నన్ను అడగని వాళ్లుండరు. రెండింట్లోనూ పని చేసేది పులుపే, నల్లబడిన పొరను కరిగిస్తుంది. తేడా ఎక్కడంటే, ఆ పులుపు గిన్నె మీద నిలుస్తుందా జారిపోతుందా అన్నదాంట్లో. నా దృష్టిలో ఇదే అసలు విషయం.

చింతపండు గుజ్జు చిక్కగా ఉంటుంది కాబట్టి నిలువుగా ఉన్న చెంబుకైనా అంటుకుని ఉంటుంది. నిమ్మరసం మాత్రం జారి అడుక్కి చేరుతుంది, దాంతో అడుగు తెల్లగా, పైన నల్లగా మిగులుతుంది. అందుకే చెంబులు, పళ్లేలు, పంచపాత్రలకు నా ఓటు చింతపండుకే. చారుకి పిండాక మిగిలిన పిప్పి అయినా చాలు. కానీ నగిషీ ఉన్న కుందులకు, గంట పిడికి నిమ్మచెక్కే నయం, ఎందుకంటే గుజ్జులోని పీచు ఆ సందుల్లో ఇరుక్కుపోతే వారం తిరక్కుండా అక్కడ పచ్చగా చిలుము పడుతుంది.

ఉదాహరణకి నూనె జిడ్డు పట్టిన ఇత్తడి కుంది తీసుకోండి. చాలామంది నేరుగా పులుపు రుద్దేసి, పోవట్లేదని ఇంకా గట్టిగా రుద్దుతారు. జిడ్డు ఉన్నచోట పులుపు లోహాన్ని తాకనే తాకదు. ముందు వేడినీళ్లు, గిన్నెల సబ్బుతో జిడ్డు వదిలించి, నిమ్మచెక్కను ఉప్పులో అద్ది రుద్దండి, సందుల్లోకి పాత టూత్‌బ్రష్ వాడండి. రెండు మూడు నిమిషాల్లో రంగు తేలాలి. తేలకపోతే నానబెట్టకండి, కడిగేసి మళ్లీ ఒకసారి రుద్దండి.

రాత్రంతా పులుపులో వదిలేయడమే అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఇత్తడిలో రాగితో పాటు జింకు ఉంటుంది, పులుపు ఎక్కువసేపు ఉంటే జింకు కరిగి పైన రాగి మిగిలి గులాబీ రంగు మచ్చలు పడతాయి. మచ్చలు పలచగా ఉంటే తడి విభూతితో మెల్లగా రుద్దితే పోవచ్చు, లోతుగా దిగితే పోవు. రాగికి ఈ బెడద లేదు, అయినా ఎక్కువసేపు ఉంచితే మెరుపు తగ్గి గరుకుగా అవుతుంది.

వెనిగర్ కూడా పనిచేస్తుంది, నిమ్మరసం లాగే జారుతుంది, వాసన అదనం. నిమ్మరసంలో వంటసోడా కలిపితే నురగ చూడ్డానికి బాగుంటుంది గానీ, సోడా పులుపును విరిచేస్తుంది. స్టీలు పీచు, ఇటుక పొడి వద్దు, గీతలు పడతాయి. బ్లీచ్ అసలే వద్దు. కొత్తగా కొన్న వస్తువు మీద ముందు ఒక చుక్క పులుపు వేసి చూడండి, మరకలున్నా రంగు మారలేదంటే పైన వార్నిష్ ఉన్నట్టే, దానికి తడిగుడ్డ చాలు. అయస్కాంతం అంటుకుంటే లోపల ఇనుము, పైన పూత మాత్రమే, గట్టిగా తోమితే పూత లేచిపోతుంది.

ఏదివాడినా బాగా కడిగి వెంటనే పొడిగుడ్డతో తుడవండి, ముఖ్యంగా చెంబు మెడ లోపల, కుంది మరలు కలిసేచోట. నీళ్లు ఆరనిచ్చి వదిలేస్తే మరుసటి రోజుకే మచ్చలు తేలతాయి, అప్పుడు చింతపండును తిట్టుకుంటారు.