బోల్టు హోల్‌కి పొజిషన్ టాలరెన్స్: ఆర్ఎఫ్ఎస్, ఎంఎంసీ, జీరో ఎంఎంసీ – ఏది మేలు?

గేర్‌బాక్స్ కవర్ ఒకటి తీసుకుందాం. దానికి నాలుగు మూలలా నాలుగు హోల్స్, వాటిలోంచి ఎం10 బోల్ట్ దూరి అవతలి ప్లేటులో కూడా అలాంటి క్లియరెన్స్ హోల్‌లోంచే బయటికొచ్చి నట్టుతో బిగుసుకుంటుంది. హోల్ సైజు 10.5 నుంచి 10.8 మిల్లీమీటర్లు, హోల్ సెంటర్ ఎంత జరగొచ్చో చెప్పే పొజిషన్ టాలరెన్స్ 0.5. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. ఆ 0.5 పక్కన గుండ్రంలో ఎం అక్షరం, అంటే Ⓜ గుర్తు, పెట్టాలా వద్దా అన్న దగ్గరే డిజైన్ వాళ్లకీ షాప్ వాళ్లకీ వాదన మొదలవుతుంది.

ముందు ఆ 0.5 ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే మిగతాది తేలిక. హోల్ అన్నిటికంటే చిన్నగా వచ్చినప్పుడు 10.5, అప్పుడు దాని చుట్టూ లోహం ఎక్కువ ఉంటుంది కాబట్టి దాన్నే మాగ్జిమమ్ మెటీరియల్ కండిషన్ అంటాం, ఎంఎంసీ. బోల్ట్ ఎంత లావైనా 10.0 దాటదు. తేడా 0.5. అంటే హోల్ సెంటర్ ఉండాల్సిన చోటు నుంచి ఏ వైపుకైనా 0.25 జరిగినా బోల్ట్ దూరుతుంది, డయామీటర్ లెక్కలో అది 0.5 జోన్. డిజైనర్ ఈ లెక్క వేసింది అన్నిటికంటే చిన్న హోల్‌ని ఊహించుకుని. మరి హోల్ 10.7 వస్తే ఖాళీ కూడా 0.2 పెరిగింది కదా, ఆ పెరిగిన ఖాళీని షాప్‌కి ఇవ్వాలా వద్దా? ఇస్తే ఎంఎంసీ, ఇవ్వకపోతే ఆర్ఎఫ్ఎస్, అంటే రిగార్డ్‌లెస్ ఆఫ్ ఫీచర్ సైజ్, హోల్ సైజు ఎంతైనా అదే 0.5. అమెరికా డ్రాయింగ్ ప్రమాణం ఏఎస్ఎంఈ వై14.5లో 1994 ఎడిషన్ నుంచి ఏ గుర్తూ లేకపోతే ఆర్ఎఫ్ఎస్ అనే అర్థం, కాబట్టి డ్రాయింగ్‌లో గుర్తు మర్చిపోయినా అది ఒక నిర్ణయం తీసుకున్నట్టే.

ఎంఎంసీలో షాప్‌కి దొరికే ఆ పెరిగిన ఖాళీనే బోనస్ అంటారు, దాని లెక్క ఇంతే:

```
B = D − MMC
T = 0.5 + B
P = 2 × √(dx² + dy²)
పాస్: P ≤ T
```

D అంటే కొలిచిన హోల్ సైజు, B బోనస్, T ఆ హోల్‌కి వర్తించే మొత్తం టాలరెన్స్, P అసలు పొజిషన్ ఎర్రర్. dx, dy అంటే సెంటర్ రెండు దిక్కుల్లో ఎంత జరిగిందో. ఆ ముందున్న 2 చాలామంది మర్చిపోతారు. టాలరెన్స్ డయామీటర్‌లో ఇచ్చారు, మనం కొలిచేదేమో సెంటర్ నుంచి దూరం, అందుకే రెట్టింపు చేయాలి. ఇది మర్చిపోతే చెడ్డ పార్ట్ కూడా హాయిగా పాసైపోతుంది.

ఇప్పుడు ఒకే కవర్‌లో మూడు హోల్స్ చూద్దాం.

మొదటి హోల్ సైజు 10.66, సెంటర్ ఒక దిక్కున 0.20, ఇంకో దిక్కున 0.24 జరిగింది. ఎర్రర్ 0.625. ఆర్ఎఫ్ఎస్‌లో 0.5 దాటింది కాబట్టి రిజెక్ట్, ఇంకో మాట లేదు. ఎంఎంసీలో బోనస్ 0.16, మొత్తం 0.66, కాబట్టి పాస్. ఇది నిజంగా బిగుసుకుంటుందా అనే అనుమానం ఉంటే హోల్ సైజులోంచి ఎర్రర్ తీసేయండి: 10.66 లోంచి 0.625 పోతే 10.035. బోల్ట్‌కి కావాల్సింది 10.0. దూరుతుంది. ఈ 10.0నే వర్చువల్ కండిషన్ అంటారు, హోల్ సైజు లోంచి పొజిషన్ ఎర్రర్ తీసేస్తే ఇంతకంటే తగ్గకూడదు. నాకైతే బోనస్ సూత్రం కంటే ఈ ఒక్క తీసివేతే నమ్మకం, పార్ట్ దగ్గర నిలబడి నోటిలెక్కతో తేల్చేయొచ్చు.

రెండో హోల్ 10.52, జరుగుడు 0.18, 0.20. ఎర్రర్ 0.538, బోనస్ 0.02 మాత్రమే, మొత్తం 0.52. రెండు పద్ధతుల్లోనూ రిజెక్ట్. కానీ కథ ఇక్కడ ఆగదు. ఎంఎంసీ ఉన్న డ్రాయింగ్ అయితే ఆ హోల్‌ని రీమర్‌తో 10.60కి తెరవండి, టాలరెన్స్ 0.60 అవుతుంది, ఎర్రర్ అదే 0.538, పార్ట్ పాస్. ఇది దొంగ సర్దుబాటు కాదు, డ్రాయింగ్ ఇచ్చిన హక్కే. అయితే పాత హోల్‌ని అనుసరించి పోయే రీమర్ వాడాలి. మెషీన్‌లో సరైన కోఆర్డినేట్‌కి వెళ్లి 10.60 బోరింగ్ చేద్దామంటే పాత హోల్ అంచు ఒక పక్క కొత్త వృత్తం బయటే మిగిలిపోతుంది, హోల్ గుండ్రంగా రాదు. ఆర్ఎఫ్ఎస్ డ్రాయింగ్‌లో మాత్రం ఎంత తెరిచినా లాభం లేదు, సెంటర్ మారనంతకాలం అది స్క్రాపే.

మూడో హోల్ 10.40. సెంటర్ చాలా బాగుంది, ఎర్రర్ 0.312. ఆర్ఎఫ్ఎస్‌లోనూ ఎంఎంసీలోనూ రిజెక్ట్, ఎందుకంటే సైజే 10.5 కంటే తక్కువ. కానీ తీసివేత చేసి చూడండి: 10.40 లోంచి 0.312 పోతే 10.088. బోల్ట్ హాయిగా దూరుతుంది! పని చేసే పార్ట్‌ని పారేస్తున్నాం అన్నమాట. జీరో ఎంఎంసీ పుట్టింది ఈ బాధ తీర్చడానికే. అందులో హోల్ సైజు 10.0 నుంచి 10.8 అని రాసి, పొజిషన్ 0 పెట్టి పక్కన Ⓜ పెడతారు. ఎంఎంసీ ఇప్పుడు 10.0 కాబట్టి మూడో హోల్‌కి బోనస్ 0.40 వస్తుంది, 0.312 పాసవుతుంది. మొదటి హోల్‌కి 0.66, అంటే మామూలు ఎంఎంసీలో వచ్చిందే. వర్చువల్ కండిషన్ 10.0 ఎక్కడికీ పోలేదు, అసెంబ్లీకి కొత్త ప్రమాదం ఏమీ లేదు. మొత్తం టాలరెన్స్‌ని సైజుకి ఎంత, పొజిషన్‌కి ఎంత అని డిజైనర్ పంచకుండా షాప్‌కే వదిలేస్తున్నాడు, అంతే తేడా. ఐఎస్ఓ 2692లో ఇదే ఫలితాన్ని Ⓜ పక్కన గుండ్రంలో ఆర్ పెట్టి కూడా సాధిస్తారు.

లెక్క ప్రకారం జీరో ఎంఎంసీయే గెలవాలి. చేతల్లో అంత సులువు కాదు. బాలానగర్‌లో గానీ విజయవాడ ఆటోనగర్‌లో గానీ చిన్న జాబ్‌వర్క్ షెడ్‌కి పొజిషన్ టాలరెన్స్ సున్నా అని రాసిన డ్రాయింగ్ పంపితే, కొటేషన్ ఇచ్చేవాళ్లు టెన్షన్ పడి రేటు పెంచేస్తారు, లేదా అసలు వద్దంటారు. ఇంకొందరు దాన్ని సరిగ్గా చదివి కూడా హోల్ 10.05కి వేస్తారు, అప్పుడు పొజిషన్‌కి మిగిలేది 0.05. సప్లయర్‌తో మాట్లాడి, డ్రిల్ 10.5కి వేసుకోండి, మీకు పొజిషన్‌కి 0.5 దొరుకుతుంది అని చెప్పగలిగితేనే ఇది వాడాలి. చెప్పే అవకాశం లేనప్పుడు మామూలు ఎంఎంసీయే మేలని నా అభిప్రాయం.

తనిఖీ ఖర్చులో మాత్రం ఆర్ఎఫ్ఎస్ చిత్తుగా ఓడిపోతుంది. ఎంఎంసీ ఉంటే సరైన చోట్లలో నాలుగు 10.0 పిన్నులు బిగించిన ఒక గేజ్ ప్లేట్ చేయించుకుంటే చాలు, కవర్ దాని మీద కూర్చుంటే పాస్, కూర్చోకపోతే ఫెయిల్. బోనస్ ఎవరూ లెక్కపెట్టక్కర్లేదు, పిన్ను చుట్టూ ఉన్న ఖాళీయే ఆ లెక్క చేసేస్తుంది. కాకపోతే ఈ గేజ్ సైజు చూడదు, హోల్‌లో దూరాల్సిన 10.5 గో, దూరకూడని 10.8 నోగో ప్లగ్ గేజ్‌లతో సైజు విడిగా చూడాల్సిందే. జీరో ఎంఎంసీలో గో గేజ్ కూడా అక్కర్లేదు, 10.0 పిన్నే గో, నోగో ఒక్కటి ఉంటే చాలు. ఆర్ఎఫ్ఎస్‌కి ఇలాంటి ఫిక్స్‌డ్ పిన్ గేజ్ కుదరదు, ఎందుకంటే పెద్ద హోల్‌లో పిన్ను ఎంత జరిగినా దూరిపోతుంది. ప్రతి పార్ట్‌నీ సీఎంఎం, అంటే కోఆర్డినేట్ మెజరింగ్ మెషీన్, మీద పెట్టాలి, లేదా శాంపిల్ చూసి ప్రాసెస్‌ని నమ్మాలి.

గేజ్ లేకుండా సీఎంఎంతో బోనస్ లెక్కేసేటప్పుడు ఒక చిక్కుంది, దీని దగ్గర ఆగి చూడాలి. బోనస్‌కి వాడాల్సిన సైజు సగటు డయామీటర్ కాదు, ఆ హోల్ లోపల పట్టే అతి పెద్ద పర్ఫెక్ట్ సిలిండర్ సైజు. సీఎంఎం సాఫ్ట్‌వేర్లు సాధారణంగా లీస్ట్ స్క్వేర్స్ పద్ధతిలో సగటు వృత్తం ఇస్తాయి. మన మొదటి హోల్ కొంచెం కోలగా ఉందనుకోండి, సగటు 10.66 వచ్చినా లోపల పట్టే సిలిండర్ 10.61 మాత్రమే కావచ్చు. అప్పుడు బోనస్ 0.11, మొత్తం 0.61, ఎర్రర్ దాదాపు అదే 0.625 అయితే పాసైన హోల్ ఫెయిలవుతుంది. అందుకే ప్రోగ్రాంలో మాగ్జిమమ్ ఇన్‌స్క్రైబ్డ్ ఎంచుకోవాలి, హోల్ లోతులో పైనా కిందా రెండు చోట్ల అయినా పాయింట్లు తీసుకోవాలి, లేకపోతే ఒరిగిన హోల్ దొరకదు. ఇంకో మాట, బోనస్‌కి గరిష్ఠం సైజు టాలరెన్సే. ఇక్కడ 0.3, కాబట్టి మొత్తం 0.8 దాటదు. హోల్ 10.9 వస్తే బోనస్ 0.4 రాదు, సైజులోనే రిజెక్ట్.

మరి ఎంఎంసీ అన్ని హోల్స్‌కీ పెట్టేయొచ్చా? వద్దు. ఇదే కవర్‌లో లొకేషన్ కోసం రెండు డోవెల్ పిన్ హోల్స్ ఉంటే వాటికి ఆర్ఎఫ్ఎస్సే సరైనది. డోవెల్ బిగుతుగా కూర్చోవాలి, కవర్ ఎక్కడ నిలబడాలో అదే చెబుతుంది. హోల్ కాస్త పెద్దదైందని సెంటర్ ఇంకాస్త జరగొచ్చు అంటే దాని పనే చెడిపోతుంది. బేరింగ్ బోర్ కూడా అంతే, గేర్ల మధ్య దూరం బోర్ సైజు పెరిగిందని ఊరుకోదు.

బోల్టు హోల్‌కే అయినా అంచు దగ్గరగా ఉంటే ఒకసారి ఆలోచించాలి. హోల్ సెంటర్ నుంచి కవర్ అంచుకి 8 మిల్లీమీటర్లు అనుకోండి. ఆర్ఎఫ్ఎస్‌లో అన్నిటికంటే చెడ్డ పరిస్థితిలో గోడ మందం 8 లోంచి 5.4, 0.25 పోగా 2.35. ఎంఎంసీలో, జీరో ఎంఎంసీలో కూడా, హోల్ 10.8 అయి బోనస్ మొత్తం వాడేసుకుంటే 0.25 బదులు 0.4 పోతుంది, మిగిలేది 2.2. హోల్ పెద్దదవడం, అంచు వైపు జరగడం రెండూ కలిసి గోడనే తింటాయి. కాస్టింగ్ పార్ట్ అయి, ఆ గోడ 2.3 కంటే తగ్గకూడదంటే, బోనస్ ఇవ్వడానికి లేదు, లేదా అంచు దూరం పెంచి అప్పుడు Ⓜ పెట్టాలి. నేనైతే కవర్ అంచుని అర మిల్లీమీటర్ పెంచమంటాను, ఎందుకంటే ఆ కాస్త లోహం కంటే పారేసే కవర్ల ఖర్చే ఎక్కువ.

కాబట్టి ఈ కవర్‌కి నా ఎంపిక: నాలుగు బోల్టు హోల్స్‌కి 10.5 నుంచి 10.8, పొజిషన్ 0.5 Ⓜ. సప్లయర్‌కి విషయం తెలిసి, చిన్న హోల్స్ వల్ల స్క్రాప్ ఎక్కువవుతుంటే దాన్ని 10.0 నుంచి 10.8, పొజిషన్ 0 Ⓜగా మార్చొచ్చు. డోవెల్స్‌కి గుర్తు వద్దు. ఏది రాసినా ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో ప్రతి హోల్‌కీ సైజు, పొజిషన్ ఎర్రర్ పక్కపక్కనే ఉండాలని అడగండి. పొజిషన్ 0.625 అని ఒక్క అంకె పంపి సైజు రాయకపోతే ఆ హోల్ మంచిదో కాదో ఎవరూ చెప్పలేరు.