కేబుల్ బ్రాడ్‌బ్యాండ్: ఏళ్ల తరబడి వాడాక గోడ బయటి కనెక్టర్ గురించి

ఇంట్లో చాలా ఏళ్లుగా కేబుల్ బ్రాడ్‌బ్యాండే వాడుతున్నాను. వేగం విషయంలో నాకు ఫిర్యాదు లేదు కనుక ఈ సమీక్షలో లింక్ నిలకడ గురించి మాత్రమే రాస్తున్నాను. ఇన్నేళ్లలో లింక్ పదేపదే తెగిపోవడానికి అసలు కారణం మోడెం కాదు, రూటర్ కాదు. గోడ బయట ఎండకూ వానకూ ఉన్న ఒక ఎఫ్ కనెక్టర్, అంటే కేబుల్ కొనకు వేసి మరలా తిప్పి బిగించే లోహపు జాయింట్.

వాన పడిన మర్నాడు, బాగా చలిగా ఉన్న తెల్లవారుజామున లింక్ పోయేది. ఎండ ఎక్కాక దానంతటదే వచ్చేది. మోడెం ఆపి మళ్లీ పెడితే కాసేపు పనిచేసేది కాబట్టి తప్పు మోడెందేనని ఎవరికైనా అనిపిస్తుంది. సంస్థవారు మోడెం మార్చినా తేడా రాలేదు. అసలు సంగతి మోడెం స్థితి పేజీలో కనిపించింది. చాలా కేబుల్ మోడెంలలో ఈ పేజీ 192.168.100.1 చిరునామాలో తెరుచుకుంటుంది. మాకు వచ్చే సిగ్నల్ బలం −3 dBmV, నాణ్యత 36 dB. రెండూ నిక్షేపంగా ఉన్నాయి. కానీ మోడెం పంపే సిగ్నల్, అంటే Upstream Power, 51.5 dBmVకి చేరి ఉంది. మా మోడెంకు అది దాదాపు గరిష్ఠ పరిమితి.

దీన్ని అర్థం చేసుకోవాలంటే ఒక విషయం తెలియాలి. దారిలో సిగ్నల్ ఎంత క్షీణిస్తే, అంత గట్టిగా పంపమని సంస్థ వైపు పరికరం మోడెంను ఆదేశిస్తుంది. ఆ పరిమితి కూడా చాలనప్పుడు మోడెం అడిగినదానికి జవాబు అందదు, లాగ్‌లో T3 time-out అని నమోదవుతుంది. వరుసగా 16 సార్లు అలా జరిగితే మోడెం ఉన్న లింక్‌ను వదిలేసి మొదటి నుంచి మళ్లీ మొదలుపెడుతుంది. మనకు కనిపించే తెగుదల అదే.

మరి వచ్చే సిగ్నల్ బాగానే ఉండి, వెళ్లే సిగ్నల్ మాత్రమే ఎందుకు దెబ్బతింటుంది? కనెక్టర్ వదులై లోపలి తీగ కొన సరిగా తాకనప్పుడు, లేదా తుప్పు పొర అడ్డుపడినప్పుడు ఏర్పడే సన్నని ఎడాన్ని ఎక్కువ పౌనఃపున్యాలు సులువుగా దాటేస్తాయి, తక్కువ పౌనఃపున్యాలు దాటలేవు. మోడెం పంపే సిగ్నల్ చాలా నెట్‌వర్క్‌లలో 5 నుంచి 42 MHz మధ్య, అంటే అట్టడుగున ఉంటుంది. కేబుల్‌లోకే నీరు దిగితే తీరు తలకిందులవుతుంది: పై పౌనఃపున్యాల చానళ్లు ముందుగా బలహీనపడతాయి. ఈ ఒక్క తేడా గమనిస్తే తప్పు ఎక్కడుందో సగం తెలిసినట్టే.

టెక్నీషియన్ వచ్చినప్పుడు నేను పేజీ చూస్తూ ఉండగా ఆయన బయటి కనెక్టర్‌ను మెల్లగా కదిపారు. ఇక్కడ తొందరపడకూడదు, మోడెం తన శక్తిని సరిచూసుకోవడానికి అర నిమిషం దాకా పట్టవచ్చు కాబట్టి, కదిపిన ప్రతిసారీ ఆగి పేజీ తిరిగి తెరవాలి. అంకె మారడంతో కనెక్టర్ విప్పారు. చుట్టిన ఇన్సులేషన్ టేపు కింద తడి నిలిచి ఉంది, కేబుల్ లోపల చుట్టూ ఉండే అల్లిక తీగలకు పచ్చని చిలుము పట్టింది, మధ్య తీగ కొన గోధుమ రంగుకు తిరిగి గరుకుగా తగిలింది. ఆ తీగ పైపూత రాగి, లోపలిది ఉక్కు. కోసిన కొన దగ్గర ఉక్కు బయటపడి తడికి తుప్పు పడుతుంది. టేపు నీటిని ఆపకపోగా లోపలికి చేరిన తడిని ఆరనివ్వదు, అందుకే బయటి జాయింట్‌కు టేపు చుట్టడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను.

ఆయన పాత కనెక్టర్‌ను శుభ్రం చేసి బిగించి వదలలేదు, అది నాకు బాగా నచ్చింది. అల్లిక వెంబడి తడి లోపలికి పాకుతుంది గనుక, పొడిగా మెరిసే అల్లిక కనిపించేదాకా కేబుల్ కోసి, రబ్బరు రింగున్న కంప్రెషన్ కనెక్టర్ వేశారు. వేలితో బిగించడంతో ఆపకుండా స్పానర్‌తో బిగించారు. బయటి కనెక్టర్లకు సాధారణంగా చెప్పే బిగింపు 3.4 Nm. కనెక్టర్‌కు ముందు కేబుల్‌ను కిందికి వంచి వదలడం వల్ల నీటి బొట్లు ఆ వంపు దగ్గరే జారిపోతాయి. ఎర్తింగ్ తీగ బిగించి ఉన్న లోహపు ముక్కను మాత్రం వినియోగదారు తాకకపోవడమే క్షేమం.

ఆ తర్వాత Upstream Power 41 dBmVకి దిగింది. 10.5 dB తేడా అంటే మోడెం అంతకుముందు దాదాపు పదకొండు రెట్ల శక్తితో అరుస్తూ ఉందన్నమాట. వానాకాలంలోనూ ఆ అంకె ఒకటి రెండు మించి కదలలేదు, లాగ్‌లో T3 నమోదులు అరుదైపోయాయి. లింక్ ఇరుగుపొరుగు అందరికీ ఒకేసారి పోతే మాత్రం కారణం వీధిలోని యాంప్లిఫయర్ వైపు వెతకాలి, అప్పుడు ఇంటి కనెక్టర్ మార్చినా ఫలితం ఉండదు.