పాఠం మధ్యలోకి లింకు: వీణ నేర్పుతూ 2020 నుంచి వాడిన అనుభవం

చిక్కడపల్లిలో, త్యాగరాయ గానసభకు రెండు వీధుల అవతల, మా ఇంట్లోనే వీణ నేర్పుతాను. 2020 లాక్‌డౌన్‌లో పిల్లలు రావడం ఆగిపోయినప్పుడు పాఠాలు వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టడం మొదలుపెట్టాను. లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా, `Unlisted` అని పెట్టి. ఒక్కో పాఠం 25 నుంచి 40 నిమిషాలు ఉంటుంది. ఆ తర్వాత పిల్లలు మళ్లీ ఇంటికి రావడం మొదలైంది, కానీ వీడియోలు ఆగలేదు. ఎందుకంటే ఇంటికెళ్లి సాధన చేసేటప్పుడే అసలు సందేహాలు వస్తాయి.

"టీచర్, చరణంలో గాంధారం మీద మీరు లాగినట్టు నాకు రావట్లేదు" అని రాత్రి పదింటికి మెసేజ్ వస్తుంది. 31 నిమిషాల వీడియో లింకు పంపి "చూసుకో అమ్మా" అంటే ఆ పిల్ల వేలితో ముందుకీ వెనక్కీ జరుపుతూ పావుగంట పోగొట్టుకుంటుంది. అందుకే వీడియో సరిగ్గా ఆ చోట మొదలయ్యేలా లింకు పంపుతాను. ఇన్నేళ్లుగా వారానికి పది పదిహేను లింకులైనా పంపుతున్నాను. ఇందులో ఏది బాగా పనిచేస్తుందో, ఏది దెబ్బ తీస్తుందో చెప్పగలననే నమ్మకంతో రాస్తున్నాను.

లాప్‌టాప్‌లో అయితే చాలా తేలిక. కావలసిన చోట వీడియో ఆపి, బొమ్మ మీద రైట్ క్లిక్ చేస్తే `Copy video URL at current time` అని వస్తుంది. లేదా `Share` నొక్కి, కింద `Start at` పక్కనున్న గడిలో టిక్ పెట్టాలి. ఆ సమయాన్ని అక్కడే మార్చుకోవచ్చు కూడా. పైన బ్రౌజర్‌లో కనిపించే చిరునామాను కాపీ చేస్తే మాత్రం, మీరు చూస్తున్న సమయం అందులో చేరదు. మొదటి నెలంతా నేను చేసిన పొరపాటు ఇదే.

ఫోన్‌లో నేను చేత్తోనే టైపు చేస్తాను. సమయాన్ని సెకన్లలోకి మార్చి, లింకు చివర చేర్చడమే. 12 నిమిషాల 34 సెకన్లు అంటే 12 అరవైలు 720, దానికి 34 కలిపితే 754. లెక్క వద్దనుకుంటే `12m34s` అని రాసినా పనిచేస్తుంది.

```
https://youtu.be/ABCDEFGHIJK?t=754
https://youtu.be/ABCDEFGHIJK?t=12m34s
```

ఇక్కడ ఒక్క గుర్తు దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. యాప్‌లోంచి షేర్ చేసిన లింకులో ఇప్పుడు `?si=` అని మొదలై, వెనక పొడుగాటి అక్షరాలు ఉంటాయి. దాని తర్వాత మళ్లీ `?t=754` అని రాస్తే వీడియో మొదటి నుంచే మొదలవుతుంది. ఒక చిరునామాలో ప్రశ్నార్థకం ఒక్కసారే పని చేస్తుంది. రెండో విషయం చేర్చాలంటే `&` వాడాలి.

```
https://youtu.be/ABCDEFGHIJK?si=xxxxxxxx&t=754
```

`si` ముక్క ఎవరు ఎక్కడి నుంచి షేర్ చేశారో తెలుసుకోవడానికి పెట్టిందే తప్ప, వీడియో ఆడటానికి అవసరం లేదు. నేను దాన్ని పూర్తిగా చెరిపేసి `?t=` పెడతాను. లింకు పొట్టిగా ఉంటుంది, తప్పు కూడా కంటికి కనిపిస్తుంది.

ఇక సంగీతానికి సంబంధించిన సంగతి. లింకు సరిగ్గా అడిగిన సెకను దగ్గరే తెరుచుకుంటుందని అనుకోకూడదు. వీడియోలో ప్రతి క్షణానికీ పూర్తి బొమ్మ దాచి ఉండదు. కొన్ని సెకన్లకొకసారి ఒక పూర్తి బొమ్మ ఉంటుంది, దాన్ని కీఫ్రేమ్ అంటారు. మధ్యలో ఉండేవి ముందు బొమ్మతో పోలిస్తే ఏం మారిందో చెప్పే ముక్కలే. అందుకని ప్లేయర్ దగ్గర్లో ఉన్న పూర్తి బొమ్మను వెతుక్కుంటుంది. వెబ్ పేజీల్లో పొదిగే ప్లేయర్‌కు ఇచ్చే ప్రారంభ సమయం గురించి యూట్యూబ్ తన వివరణల్లోనే రాసింది: ఒక్కోసారి అడిగిన దానికి కాస్త ముందు మొదలు కావచ్చు, మామూలుగా రెండు సెకన్లకు మించదు అని. నా లింకుల్లోనూ ఆ ఒకటి రెండు సెకన్ల తేడానే చూశాను.

వంట వీడియోకు ఆ రెండు సెకన్లు లెక్కలోకి రావు. సంగీతంలో వర్ణం లాంటి రచనకు వస్తాయి. చరణం ఎత్తుకునే చోటునే సమయంగా ఇస్తే, పిల్ల చెవికి ఒకసారి ముందు స్వరపు తోక, ఒకసారి సగం తెగిన మీటు వినిపిస్తాయి. తాళం ఎక్కడుందో చేతికి అందదు. అందుకని నేను ఎప్పుడూ ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక పూర్తి చుట్టు, ముందు సమయం ఇస్తాను. నేను పాఠంలో వాయించే విలంబంలో దెబ్బకు సుమారు ఒక సెకను, ఆది తాళం ఆవర్తనానికి 8 సెకన్లు. మోహన వర్ణం పాఠంలో చరణం నిజానికి 12:42 దగ్గర మొదలవుతుంది. లింకులో మాత్రం 754, అంటే 12:34 ఇస్తాను. ప్లేయర్ అడిగిన చోటే మొదలైనా, రెండు సెకన్లు ముందే మొదలైనా, ఆ పిల్లకు తాళం వేసుకుని ఎత్తుకోవడానికి ఎనిమిది దెబ్బలకు తక్కువ కాకుండా మిగులుతాయి. ఈ పద్ధతి మొదలుపెట్టాక "టీచర్, మధ్యలో వస్తోంది" అన్న మాట మళ్లీ వినలేదు.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టిన సంగతి చెప్పాలి. ఆ మోహన వర్ణం వీడియోలో మొదటి 2 నిమిషాల 18 సెకన్లు నేను వీణ శ్రుతి చేసుకోవడమే ఉంది. చూసేవాళ్లకు విసుగని, ఒకరోజు యూట్యూబ్ స్టూడియోలో `Editor` తెరిచి, `Trim & cut` తో ఆ భాగాన్ని కత్తిరించి సేవ్ చేశాను. వీడియో చిరునామా మారలేదు, కాబట్టి లింకులన్నీ పనిచేస్తాయనే అనుకున్నాను.

పది రోజులకు ఉప్పల్ నుంచి వచ్చే అమ్మాయి అడిగింది. ఆమెది రాయదుర్గం దగ్గర ఉద్యోగం. మెట్రోలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ రోజు పాఠం వింటూ వెళ్తుంది. "టీచర్, చరణం అని పంపిన లింకులో చరణ స్వరాలు వస్తున్నాయి. నేనేమైనా తప్పు నొక్కానా?" అంది. చరణ స్వరాలు చరణం తర్వాత వచ్చేవి. తప్పు తనది కాదు. లింకులోని 754 అన్నది చరణానికి గుర్తు కాదు, వీడియో మొదటి నుంచి లెక్కపెట్టిన సెకన్లు మాత్రమే. ముందున్న 138 సెకన్లు తీసేస్తే, చరణం ముందు ఆవర్తనం 616 దగ్గరికి, అంటే 10:16కి జరిగిపోయింది. 754 దగ్గర ఇప్పుడు వచ్చేది పాత వీడియోలో 14:52 దగ్గరున్న సంగీతం. సరిగ్గా 138 సెకన్లు ఆలస్యం.

ఇలాంటిది జరిగిందని ఎలా కనుక్కోవాలో ఆ రోజే తెలిసింది. ఒక వీడియోకు పంపిన పాత లింకులు రెండు మూడు తెరిచి చూడాలి. తేడా రెండు సెకన్లలోపు ఉండి, ముందుగా మొదలవుతుంటే అది కీఫ్రేమ్ వ్యవహారం, కంగారు అక్కర్లేదు. అన్ని లింకులూ ఒకే అంతరంతో ఆలస్యమైతే మొదట్లో కత్తెర పడింది. మొదటి లింకులు బాగానే ఉండి, తర్వాతివి మాత్రమే జరిగితే కత్తెర మధ్యలో పడింది.

కత్తిరింపును వెనక్కి తీసుకోవచ్చు. అదే ఎడిటర్‌లో `Revert to original` ఉంటుంది. కానీ ఆ పది రోజుల్లో కొత్త వీడియోను చూస్తూ కొత్త లింకులు కూడా పంపాను. వెనక్కి తీసుకుంటే పాతవి బాగుపడతాయి, కొత్తవి చెడతాయి. వాట్సాప్‌లో వెతికి లెక్కపెడితే పాతవి 34, కొత్తవి 6. వెనక్కే తీసుకున్నాను. ఆ ఆరింటికీ 138 కలిపి, కొత్త లింకులు రాసి మళ్లీ పంపాను. పాత మెసేజ్‌లనే దిద్దుదామంటే వాట్సాప్‌లో పంపిన 15 నిమిషాల దాకే దిద్దనిస్తారు. తప్పు సమయంతో ఉన్న ఆ ఆరు మెసేజ్‌లూ పిల్లల ఫోన్లలో అలాగే ఉండిపోయాయి. తెలియక వాటినే నొక్కి తప్పు చోట సాధన చేస్తారేమోనని చాలా రోజులు మనసు పీకింది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తీసేయమని చెప్పాను.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. అందరికీ పనికొచ్చే భాగాలను లింకులుగా పంచడం మానేసి, వీడియో కింద వివరణలో పట్టికగా రాస్తున్నాను.

```
0:00 శ్రుతి
2:18 పల్లవి
7:05 ముక్తాయి స్వరం
12:34 చరణం
```

వివరణలో ఇలా సమయం రాస్తే అదే నొక్కగలిగే లింకు అవుతుంది. మొదటిది 0:00 అయి ఉండి, కనీసం మూడు సమయాలు వరుసలో ఉండి, ఒక్కో భాగం 10 సెకన్లకు తగ్గకపోతే, వీడియో కింది గీత కూడా ఆ పేర్లతో భాగాలుగా విడిపోతుంది. కత్తిరిస్తే ఈ అంకెలు కూడా వాటంతటవి మారవు. కానీ దిద్దాల్సింది ఒక్కచోటే, దిద్దిన మరుక్షణం అందరికీ సరైనదే కనిపిస్తుంది. శ్రుతి విసుగనుకున్నవాళ్లు 2:18 నొక్కి దాటేస్తారు. అసలు కత్తిరించాల్సిన అవసరమే లేదన్నమాట.

`t=` లింకును ఇప్పుడు ఒక్కరి తప్పు దిద్దడానికే ఉంచుకున్నాను. ఆ పనికి దాన్ని మించింది నాకు దొరకలేదు. ఏ మెట్టు మీద వేలు పెట్టి తీగ ఎంత లాగానో మాటల్లో ఎంత చెప్పినా తెలియదు, ఆ నాలుగు సెకన్లు చూస్తే తెలుస్తుంది. లోటు ఒకటే, ఎక్కడ ఆగాలో ఈ లింకులో చెప్పలేం. వెబ్ పేజీలో పొదిగిన ప్లేయర్‌కైతే `start` తో పాటు `end` కూడా ఇవ్వొచ్చు, వాట్సాప్‌లో పంపే మామూలు లింకుకు ఆ వీలు లేదు. పిల్లలు ధ్యాసలో అలా వింటూ తర్వాతి స్వరంలోకి వెళ్లిపోతారు, అడిగిన చోట సాధన మిగిలిపోతుంది.

అందుకని లింకు ఒక్కటే ఎప్పుడూ పంపను. కింద ఒక వరుస నా మాటల్లో రాస్తాను:

```
https://youtu.be/ABCDEFGHIJK?t=754
మోహన వర్ణం, చరణం ఎత్తుగడ 12:42. గాంధారం మీద నా ఎడమ చెయ్యి చూడు. 13:30కి ఆపి, మూడుసార్లు వాయించు.
```

భాగం పేరు అక్కడ రాసి ఉంటే, రేపు ఏ కారణం చేతనైనా అంకె జరిగిపోయినా, పిల్ల "ఇది చరణం కాదే" అని మొదటి ఆవర్తనంలోనే గుర్తుపడుతుంది. ఉప్పల్ అమ్మాయి ఆ రోజు నన్ను అడిగింది కూడా లింకు పైన నేను "చరణం" అని రాసి ఉండబట్టే.