లాప్‌టాప్ మూత కదిపితే స్క్రీన్ నల్లబడుతోందా: కేబులా, మూత సెన్సారా?

రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలియాలంటే పాట పెట్టి, మూతను నెమ్మదిగా కదపండి.

స్క్రీన్ నల్లబడినా పాట ఆగకపోతే ముందు డిస్‌ప్లే కేబుల్‌ను అనుమానించాలి. అది హింజ్ పక్క నుంచి వెళ్తుంది కాబట్టి మూత తెరిచిన ప్రతిసారీ వంగి, లోపలి సన్నని తీగలు ఒక్కొక్కటిగా తెగుతాయి. నల్లబడే ముందు గీతలు, మిణుకులు కనిపిస్తాయి. ఒక కోణంలో బొమ్మ వెంటనే తిరిగొస్తుంది. బయటి మానిటర్‌లో మాత్రం బొమ్మ మామూలుగానే ఉంటుంది.

పాట కూడా ఆగి, లాప్‌టాప్ నిద్రలోకి వెళ్తే అది సెన్సార్ పని. మూతలోని అయస్కాంతం దగ్గరికి రాగానే కింది భాగంలోని హాల్ సెన్సార్ "మూత మూశారు" అని చెబుతుంది. అయస్కాంతం జరిగినా, దగ్గర్లో అయస్కాంతమున్న ఫోన్ కవర్ ఉన్నా ఇదే జరుగుతుంది. విండోస్‌లో మూత మూసినప్పటి చర్యను `Do nothing`గా మార్చి చూడండి; నిద్రలోకి వెళ్లడం ఆగితే తప్పు సెన్సార్ వైపే. కొన్ని మోడళ్లలో ఫర్మ్‌వేరే స్క్రీన్ లైటు ఆపేస్తుంది, అప్పుడు తప్పు సెన్సార్‌దే అయినా పాట ఆగదు. లినక్స్‌లో అనుమానం తీర్చేది ఇది:

```
watch -n1 'cat /proc/acpi/button/lid/*/state'
```

మూత తెరిచే ఉన్నా `closed` అని వస్తే తప్పు సెన్సార్‌దే.

కేబుల్‌ అని తేలితే టేపు చుట్టి నెట్టుకురావద్దు. బ్యాక్‌లైట్ తీగ షార్టయితే బోర్డు మీది ఫ్యూజ్ పోతుంది. ముందు బ్యాటరీ కనెక్టర్ తీసి, కేబుల్ మార్చి, బిగుసుకున్న హింజ్‌నూ సరిచేయండి. లేదంటే కొత్త కేబులూ అక్కడే నలుగుతుంది.