రీయాంప్ బాక్స్ చాలాకాలం వాడాక: అసలు కథంతా ఆ ఒక్క నాబ్‌లోనే

ఆంప్ లేకుండా నేరుగా రికార్డు చేసిన గిటార్ ట్రాక్‌ని, అంటే డీఐ ట్రాక్‌ని, తర్వాత ఆంప్‌కి పంపి మళ్లీ రికార్డు చేయడమే రీయాంపింగ్. ఈ సమీక్ష అందుకు వాడే, కరెంటు అక్కర్లేని, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మామూలు రీయాంప్ బాక్స్ గురించి. ఒక పక్క కంప్యూటర్ ఆడియో ఇంటర్‌ఫేస్ నుంచి లైన్ సిగ్నల్ వచ్చే సాకెట్, ఇంకో పక్క ఆంప్‌కి వెళ్లే గిటార్ జాక్, మధ్యలో ఒక లెవెల్ నాబ్, ఒక గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్. అంతే. పాడవడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. రీయాంపింగ్‌లో టోన్ చెడిందంటే సాధారణంగా తప్పు బాక్స్‌ది కాదు, ఆ నాబ్‌ని చెవి మీద భరోసాతో తిప్పిన చేతిది.

ఎందుకంటే గిటార్ పికప్ ఇచ్చేది వోల్టులో కొంత భాగమే, మామూలు వాయింపులో కొన్ని వందల మిల్లీవోల్టులు. ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్‌పుట్ స్టూడియో ప్రామాణిక స్థాయిలోనే 1.23 వోల్టులు ఇస్తుంది, పీకులు దాన్ని ఇంకా దాటతాయి. ఈ తేడాని తగ్గించడమే బాక్స్ పని. కానీ ఎంత తగ్గించాలో దానికి తెలియదు. నాలుగైదు డెసిబెల్స్ ఎక్కువ పంపినా ఆంప్ మూగబోదు, మొరాయించదు, కాస్త ముందుగా గరగరలాడడం మొదలుపెడుతుంది. మనం అది ఆంప్ స్వభావం అనుకుని గెయిన్ తగ్గిస్తాం, తర్వాత ట్రెబుల్ పెంచుతాం. అలా అసలు గిటారిస్టు వాయించినప్పటి స్పందన నుంచి దూరంగా జరిగిపోతాం.

వోల్ట్ మీటర్లేవీ లేకుండా దీన్ని కచ్చితంగా కుదిర్చే పద్ధతి ఒకటుంది. డీఐ ట్రాక్ రికార్డు చేసినప్పుడు ఇంటర్‌ఫేస్ గిటార్ ఇన్‌పుట్ గెయిన్ ఎక్కడుందో, ఆ గెయిన్ నాబ్‌ని మళ్లీ అక్కడే పెట్టండి. డీఐ ట్రాక్ స్థానంలో 400 హెర్ట్జ్ సైన్ టోన్‌ని మైనస్ 18 డీబీ పీక్‌తో పంపండి. బాక్స్ నుంచి బయటికొచ్చే గిటార్ కేబుల్‌ని ఆంప్‌కి కాకుండా, ఇంటర్‌ఫేస్ గిటార్ ఇన్‌పుట్‌కే పెట్టి ఆ టోన్‌ని కొత్త ట్రాక్ మీద చూడండి. అక్కడ కూడా మైనస్ 18 వచ్చేదాకా బాక్స్ నాబ్ తిప్పండి. వచ్చిందంటే, రికార్డింగ్ నాడు గిటార్ జాక్ దగ్గర ఎంత వోల్టేజీ ఉందో ఇప్పుడు బాక్స్ జాక్ దగ్గర అంతే ఉన్నట్టు. ఇక ఆ కేబుల్ తీసి ఆంప్‌కి పెట్టుకోవచ్చు. గిటార్ ఇన్‌పుట్, ఆంప్ ఇన్‌పుట్ రెండూ సాధారణంగా 1 మెగాఓమ్ దరిదాపుల్లోనే ఉంటాయి కాబట్టి మార్చినప్పుడు లెవెల్ జారదు.

టోన్ పంపే ముందు ఒక జాగ్రత్త: కొత్త ట్రాక్ మీద మానిటరింగ్ ఆపేయండి. లేకపోతే వచ్చిన సిగ్నల్ మళ్లీ అదే అవుట్‌పుట్‌లోకి పోయి, గిరగిరా తిరిగి, కూత పెడుతుంది.

ఒక ఉదాహరణ. శుభ్రమైన రిథమ్ గిటార్, గట్టి స్ట్రమ్‌లకి మాత్రమే ఆంప్ అంచున కాస్త గరగరలాడాలి. నాబ్‌ని నడిమధ్యన పెట్టి పంపితే ప్రతి స్ట్రోక్‌కీ గరగరే, మెల్లగా మీటిన తీగ కూడా గట్టిగా మీటినట్టే వినిపిస్తోంది. టోన్‌తో కొలిస్తే తిరిగొచ్చింది మైనస్ 11. అంటే 7 డీబీ ఎక్కువ, వోల్టేజీలో రెండింతలకు పైనే. నాబ్‌ని మైనస్ 18కి దించాక, ఆంప్ మీద ఒక్క నాబ్ కూడా కదపకుండానే, మెల్లని తీగలు శుభ్రంగానూ గట్టి స్ట్రమ్‌లు గరుకుగానూ విడిపోయాయి. నాబ్ చుట్టూ అంకెలు లేకపోవడం ఈ బాక్సుల మీద నాకున్న ఫిర్యాదు. కుదిరిన చోట చిన్న టేపు ముక్క అంటించి పెన్నుతో గీత గీసుకోవడమే దారి.

ఈ పద్ధతికి ఒకటే షరతు, పాత గెయిన్ స్థానం తెలిసుండాలి. అందుకని డీఐని ఎప్పుడూ గెయిన్ పూర్తిగా తగ్గించే రికార్డు చేయడం మేలు. పీకులు మైనస్ 20లో ఉన్నా 24 బిట్‌లో నష్టం లేదు, పికప్ సొంత రొదే అంతకంటే ఎక్కువ. వేరేవాళ్లు పంపిన ఫైలైతే అలాంటి గిటార్ ఒకటి తగిలించి, అదే గట్టితనంతో ఒక E కార్డ్ వాయించి పీకులు పోల్చుకోవాలి. సింగిల్ కాయిల్‌తో హంబకర్‌ని పోల్చొద్దు. డీఐలోనే క్లిప్ అయి ఉంటే మాత్రం ఏ బాక్సూ ఏమీ చేయలేదు.

సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్‌ని మాస్టర్ మీదుగా పంపకండి. మాస్టర్ మీద మరిచిపోయిన లిమిటర్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. పైగా మోనో ట్రాక్‌ని స్టీరియో దారిలో పంపితే ‘పాన్ లా’ అనే ఎడమ కుడి పంపకం నియమం పేరుతో 3 డీబీ తగ్గిపోవచ్చు. నేరుగా 3వ అవుట్‌పుట్‌కి పంపండి. స్పీకర్ వాల్యూమ్ నాబ్ సాధారణంగా 1, 2 అవుట్‌పుట్లనే శాసిస్తుంది. పొరపాటున దాని దారిలో పెడితే, ఎవరో స్పీకర్ తగ్గించగానే ఆంప్ టోన్ మారిపోతుంది.

ఇక హమ్. గ్రౌండ్ లిఫ్ట్ నొక్కగానే పోతే అది గ్రౌండ్ లూప్, అక్కడితో సరి. నొక్కినా పోకపోతే చాలామంది కేబుళ్లు మారుస్తూ కూర్చుంటారు. ముందు బాక్స్‌ని చేత్తో పట్టుకుని పక్కకి తిప్పి చూడండి. తిప్పేకొద్దీ హమ్ పెరుగుతూ తగ్గుతూ ఉంటే, ఆంప్ పవర్ ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం బాక్స్‌లోని ట్రాన్స్‌ఫార్మర్‌కి అంటుకుంటోందన్నమాట. బాక్స్‌ని ఆంప్ నెత్తిన పెట్టే అలవాటే దీనికి మూలం. మీటరు దూరం జరిపితే చాలు. ఆంప్ ప్లగ్‌లోని ఎర్త్ పిన్ తీసేయడం మాత్రం ఎన్నడూ చేయకండి, ప్రాణం మీదికొస్తుంది.

కొత్త ట్రాక్ పాతదానికంటే కాస్త వెనకబడి ఉంటుంది. ఇంటర్‌ఫేస్ ఆలస్యాన్ని సాఫ్ట్‌వేర్ సరిచేసినా కొన్ని శాంపిల్స్ మిగలొచ్చు. మైక్ స్పీకర్‌కి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే గాలిలోనే 0.9 మిల్లీసెకను పోతుంది, 48 కిలోహెర్ట్జ్‌లో 42 శాంపిల్స్. రీయాంప్ ట్రాక్ ఒక్కటే వాడితే ఇది లెక్కలోది కాదు. డీఐ ట్రాక్‌తో కలిపితే శబ్దం బోలుగా, పీలగా అవుతుంది. పాట మొదలయ్యే ముందు డీఐ ట్రాక్‌లో ఒక్క టిక్ పెట్టి పంపితే, రెండు టిక్కుల్నీ పక్కపక్కన చూసి జరుపుకోవచ్చు. టిక్ తలకిందులుగా కనిపిస్తే పొలారిటీ కూడా తిప్పాలి.

ఫజ్ పెడల్ దగ్గర మాత్రం ఈ బాక్స్ చేతులెత్తేస్తుంది. పాతకాలపు ఫజ్ సర్క్యూట్ల ఇన్‌పుట్ ఇంపీడెన్స్ చాలా తక్కువ, అవి పికప్ కాయిల్‌ని నేరుగా లాగుతాయి. గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే ఫజ్ శుభ్రపడేది ఆ లాగుడు వల్లే. ఇక్కడ పికప్ లేదు కాబట్టి శబ్దం పదునుగా, గీరినట్టు వస్తుంది, వాల్యూమ్ కదలికలకి ఆ స్పందన ఉండదు. ఆంప్ హోరుకి తీగ తనంతట తాను మోగుతూ నిలిచే ఫీడ్‌బ్యాక్ కూడా తర్వాత పుట్టదు. ఇలాంటి పాటల్లో ఫజ్‌ని గిటార్‌కీ డీఐకీ మధ్యే పెట్టి రికార్డు చేసుకుని, ఆంప్‌ని మాత్రం తర్వాతకి వదిలేయడం మంచిది.